వృద్ధాశ్రమం మేనేజర్‌కి డైటీషియన్ రాసే ప్రతిపాదన లేఖ: తినిపించే సాయం, బలం పెంచిన తిండి అడగడం ఎలా?

పెద్దవాళ్ల ఆశ్రమాలకు నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లే డైటీషియన్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, బరువు తగ్గుతున్నారని నోటితో ఎన్నిసార్లు చెప్పినా మేనేజర్ తల ఊపి ఊరుకుంటున్నారు. లేఖ ఎలా రాయాలి?" ఆ లేఖ గురించే ఈ మార్గదర్శి. ఇక్కడ నేను చెప్పేది పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు గురించి.

నా మొదటి లేఖ నాలుగు పేజీలు వచ్చింది. ప్రొటీన్ ఎందుకు కావాలో రెండు పేజీలు రాశాను. మేనేజర్ గారు చదివి రెండే ప్రశ్నలు వేశారు: "ఎవరు చేస్తారు? ఎంతవుతుంది?" ఆ రెండింటికీ లేఖలో జవాబు లేదు. అప్పటినుంచి ఆ రెండు జవాబులు ముందు సిద్ధం చేసుకున్నాకే పెన్ను పడుతున్నాను.

## 1. రాసే ముందు: తూకం, మూడు రోజుల గమనిక

"చాలామంది సరిగా తినడం లేదు" అని రాస్తే అది మన అభిప్రాయంలా ఉంటుంది. "ఆరుగురు మూడు నెలల్లో 5 శాతానికి మించి తగ్గారు" అంటే కాదనడం కష్టం. అందుకని తూకంతో మొదలుపెట్టండి. అందరినీ ఒకే మెషీన్ మీద, పొద్దున టిఫిన్‌కు ముందు, చెప్పులు లేకుండా తూచాలి. పాత రిజిస్టరులో మూడు నుంచి ఆరు నెలల కిందటి బరువు ఉంటే దాంతో పోల్చాలి.

ఒకావిడ లెక్క చూద్దాం. ఎత్తు 150 సెంటీమీటర్లు. జూన్‌లో 48 కిలోలు, సెప్టెంబరులో 44.5. తగ్గింది 3.5 కిలోలు, అంటే 48లో సుమారు 7 శాతం. ఆమె బీఎంఐ 19.8. చూడ్డానికి మరీ బక్కగా ఏమీ లేరు. ఆశ్రమంలో ఎవరికీ ఆమె గురించి టెన్షన్ లేదు.

మస్ట్ అనే స్క్రీనింగ్ పద్ధతిలో బీఎంఐ 18.5 నుంచి 20 మధ్య ఉంటే 1 మార్కు, కావాలని కాకుండా 5 నుంచి 10 శాతం బరువు తగ్గితే ఇంకో 1 మార్కు. మొత్తం 2 వస్తే ఎక్కువ ప్రమాదం కింద లెక్క. "బాగానే ఉన్నారుగా" అనిపించే ఆవిడే జాబితాలో పైన ఉండాల్సిన మనిషి అన్నమాట.

కాళ్లకు నీరు పట్టినవాళ్ల విషయంలో తూకాన్ని నమ్మకండి. నీటి బరువు తగ్గుదలను దాచేస్తుంది. లేవలేనివాళ్లకు పిక్క చుట్టుకొలత టేపుతో తీయండి. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే కండ కరుగుతోందని అనుమానించాలి. గాజులు మోచేతిదాకా జారుతున్నాయా, పళ్ల సెట్టు వదులై అన్నం నమలలేకపోతున్నారా అని ఆయాలను అడగండి. వాళ్లకు అన్నీ తెలుసు. ఎవరూ అడగరు, అంతే.

తర్వాత మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం అయ్యేలా, మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చుని చూడండి. కంచంలో ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అన్నది పావు, సగం, ముప్పావు లెక్కన రాసుకుంటే చాలు. ఎంత మిగిలిందన్నదాని కన్నా ఎందుకు మిగిలిందన్నది ముఖ్యం. ఫ్యాన్ కింద అన్నం ఎండిపోయిందా? చెయ్యి వణికి ముద్ద జారిపోతోందా? తింటూ తింటూ మరిచిపోయి కిటికీలోకి చూస్తున్నారా? ఇంకా తింటుండగానే కంచం తీసేశారా?

లేఖకు ముందు చేతిలో ఉండాల్సినవి

- ఇప్పటి బరువులు, పాత బరువులు, తగ్గిన శాతం
- మూడు రోజుల కంచాల గమనిక, కారణాలతో
- భోజనం వడ్డించే వేళ, కంచాలు తీసే వేళ, ఆ సమయంలో ఎంతమంది ఆయాలు ఉంటారు
- షుగరు, కిడ్నీ జబ్బు, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల జాబితా
- కిరాణా బిల్లు నుంచి నెయ్యి, పాలపొడి, పల్లీల ధరలు

## 2. ఎవరికి ఎంత సాయమో విడగొట్టండి

"తినిపించడానికి మనుషులు కావాలి" అని అడిగితే మేనేజర్‌కి ఇద్దరు కొత్త ఆయాల జీతం కళ్ల ముందు కనబడుతుంది. నిజానికి అందరికీ తినిపించక్కర్లేదు. నేను సాయాన్ని నాలుగు మెట్లుగా చూస్తాను.

మొదటి మెట్టు: బల్ల దగ్గరగా, నిటారుగా కూర్చోబెట్టి, కళ్లజోడు, పళ్ల సెట్టు పెట్టించి, కంచం చేతికి అందేలా జరపడం. చాలామందికి ఇదే చాలు. రెండో మెట్టు: అన్నం కలిపి పెట్టడం, "తినండి పెద్దమ్మా, ఇంకో ముద్ద" అని పక్కనుంచి గుర్తు చేయడం. మూడోది: ముద్దలు చేసి చేతికివ్వడం. చేత్తో తినే అలవాటున్న మనవాళ్లకు ఈ మెట్టు విలువ ఎక్కువ. ముద్ద తన చేత్తో నోట్లో పెట్టుకుంటే "నాకు ఇంకొకళ్లు పెట్టాలా" అన్న సిగ్గు ఉండదు. నాలుగోది: చెంచాతో తినిపించడం.

కింది మెట్టుతో పని జరుగుతుంటే పై మెట్టు ఎక్కకండి. టైం కలిసొస్తుందని ఆయాలు గబగబా తినిపించేస్తారు. కొన్నాళ్లకు ఆ మనిషి తనంతట తాను తినడమే మానేస్తారు.

నేను ఉదాహరణగా తీసుకున్న ఆశ్రమంలో 36 మంది ఉన్నారు. సాయం కావాల్సినవాళ్లు ఎనిమిది మంది. వాళ్లలో ముగ్గురికే చెంచాతో తినిపించాలి. మిగతా ఐదుగురికి ఒక బల్ల, పక్కన ఒక మనిషి సరిపోతారు. లేఖలో అడగాల్సింది ఇంత చిన్నదని తేలడానికే ఈ విడగొట్టడం.

## 3. బలం పెంచడం: ముద్ద పెరగకూడదు, ముద్దలో బలం పెరగాలి

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. లేఖలో "ఫోర్టిఫైడ్ ఫుడ్" అని మాత్రమే రాస్తే మేనేజర్‌కి గుర్తొచ్చేది రేషన్ షాపు ఫోర్టిఫైడ్ బియ్యం, ప్యాకెట్ల మీద ఉండే +F గుర్తు. అది విటమిన్లు, ఐరన్ కలిపిన సరుకు. మనం అడిగేది వేరే: రోజూ వండే వంటలోనే నెయ్యి, పాలపొడి, పల్లీపొడి కలిపి అదే పరిమాణంలో ఎక్కువ శక్తి, ప్రొటీన్ వచ్చేలా చేయడం. ఆ తేడా ఒక్క వాక్యంలో రాసేయండి.

అవసరం లెక్కకు పెద్దవాళ్ల పోషణపై యూరప్‌లోని ఎస్పెన్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకం వాడుకోవచ్చు. కిలో బరువుకు రోజుకు సుమారు 30 క్యాలరీలు, కనీసం 1 గ్రాము ప్రొటీన్. 44.5 కిలోల మన పెద్దావిడకు 1,335 క్యాలరీలు, 45 గ్రాముల ప్రొటీన్ కావాలి. కంచాల గమనిక ప్రకారం ఆమెకు అందుతున్నది దాదాపు 900 క్యాలరీలు. లోటు 400 పైచిలుకు. దాన్ని ఇలా పూడ్చవచ్చు:

- పొద్దున ఇడ్లీలోకి పల్లీపొడి 10 గ్రాములు, నెయ్యి ఒక చెంచా (5 గ్రాములు)
- మధ్యాహ్నం పలచని పప్పుచారు బదులు ముద్దపప్పు, నెయ్యి ఒక చెంచా
- సాయంత్రం నాలుగింటికి 150 మిల్లీలీటర్ల రాగిజావ: పాలపొడి 15 గ్రాములు, పల్లీపొడి 10 గ్రాములు, బెల్లం 10 గ్రాములు కలిపి
- రాత్రి మజ్జిగ బదులు పెరుగన్నం, నెయ్యి ఒక చెంచా. తోడు పెట్టేముందు ఆ పాలలో మనిషికి 15 గ్రాముల లెక్కన పాలపొడి

కలిపినవాటి మొత్తం: నెయ్యి 15 గ్రాములకు 135 క్యాలరీలు, వెన్న తీసిన పాలపొడి 30 గ్రాములకు 107, పల్లీపొడి 20 గ్రాములకు 113, బెల్లానికి 38. అంతా కలిపి సుమారు 390 క్యాలరీలు, 16 గ్రాముల ప్రొటీన్. చారు బదులు ముద్దపప్పు, మజ్జిగ బదులు పెరుగు వల్ల వచ్చేది దీనికి అదనం.

ఇది అందరికీ వర్తించే జాబితా కాదు. షుగరు ఉన్నవాళ్లకు బెల్లం తీసేయాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పాలపొడి, పల్లీలు డాక్టరు ఒప్పుకుంటేనే. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా బలమైన తిండి మొదలుపెట్టకూడదు. రక్తంలోని లవణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి ముందు డాక్టరు చూడాలి. మిగతావాళ్లకు కూడా మొదటి నాలుగు రోజులు సగం మోతాదే పెట్టండి. లేకపోతే విరేచనాలు అవుతాయి, ఆ నెపంతో పథకం మొత్తం ఆగిపోతుంది.

## 4. లేఖ ఎలా ఉండాలి

ఒక పేజీ, మించితే ఒకటిన్నర. వరుస ఇది: ఏం చూశాం, ఏం అడుగుతున్నాం, ఎవరు ఎప్పుడు చేస్తారు, ఖర్చెంత, ఎన్నాళ్ల ట్రయల్, ఎప్పుడు ఆపేస్తాం. పెద్దవాళ్ల పేర్లు లేఖలో వద్దు. వరుస నంబర్లు వేసి, పేర్ల షీటు విడిగా సీలు కవరులో ఇవ్వండి. లేఖ ఆఫీసు బల్ల మీద నలుగురి కళ్లలో పడుతుంది.

ఖర్చు లెక్క కూడా చూపించాలి. కిలో నెయ్యి ₹650, పాలపొడి ₹450, పల్లీలు ₹160, బెల్లం ₹70 అనుకుంటే మనిషికి రోజుకు సుమారు ₹27. ఎనిమిది మందికి 30 రోజులకు ₹6,480. మీ ఊరి ధరలు వేసి మళ్లీ లెక్క కట్టుకోండి.

నమూనా లేఖ

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: బరువు తగ్గుతున్న ఎనిమిది మందికి భోజన వేళ సాయం, బలం పెంచిన తిండి: ఎనిమిది వారాల ట్రయల్‌కు అనుమతి కోరుతూ.

ఈ నెల మనం తూచిన బరువులను జూన్ బరువులతో పోల్చాను. 36 మందిలో ఆరుగురు 5 శాతానికి మించి తగ్గారు. లేవలేని మరో ఇద్దరికి పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంది. వివరాలు జతచేసిన షీటులో ఉన్నాయి.

మూడు రోజులు మధ్యాహ్న భోజనం గమనించాను. వంట బాగుంది, వడ్డన సరిపడా ఉంది. కానీ ఈ ఎనిమిది మంది కంచాల్లో సుమారు సగం మిగులుతోంది. 12:30కి వడ్డించి ఒంటిగంటకు కంచాలు తీస్తున్నాం. ఆ అరగంటలో ఇద్దరు ఆయాలు 36 మందినీ చూసుకోవాలి. నెమ్మదిగా తినేవాళ్లకు ఆ సమయం చాలడం లేదు.

నేను కోరేవి రెండు.

ఒకటి, భోజన వేళ సాయం. మధ్యాహ్నం 12:00కి ఆయాలిద్దరూ 1, 2 నంబర్ల వారికి తినిపిస్తారు. 12:30కి ఒకరు 3వ నంబరు దగ్గరకు, రెండోవారు 4 నుంచి 8 నంబర్ల వారి బల్ల దగ్గరకు వెళతారు. ఆ బల్ల మీద కంచాలు 1:15 వరకు తీయరాదు. మిగతా 28 మందికి వడ్డించడానికి వంటింటి నుంచి ఒక సహాయకుడు 45 నిమిషాలు కావాలి. ఇప్పుడు 12 గంటలకు జరుగుతున్న దుప్పట్ల మార్పిడిని 11 గంటలకు జరిపితే ఆయాలకు వీలవుతుంది. రాత్రి భోజనానికీ ఇదే పద్ధతి, అరగంట ముందు నుంచి.

రెండు, ఈ ఎనిమిది మంది వంటలో నెయ్యి, పాలపొడి, పల్లీపొడి కలపడం. డబ్బాల్లో వచ్చే ప్రత్యేక పౌడర్లు అడగడం లేదు. మనిషికి రోజుకు సుమారు ₹27, నెలకు మొత్తం ₹6,480. కొలతల కార్డు వంటింటి కోసం జతచేశాను. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారి మార్పులు మన డాక్టరు గారు చూసి సంతకం చేశారు.

ఆయాలకు, వంటవారికి ఒక గంట శిక్షణ నేనే ఇస్తాను. వారానికోసారి బరువు తూచి రిజిస్టరులో రాయిస్తాను. నాలుగో వారం మీకు ఒక పేజీ నివేదిక ఇస్తాను. ఎనిమిది వారాలకు కనీసం ఐదుగురి బరువు నిలబడటమో పెరగడమో జరగకపోతే పథకం ఆపి, కారణాల కోసం డాక్టరు గారితో మళ్లీ చూస్తాం.

వచ్చే సోమవారం పది నిమిషాలు సమయం ఇస్తే కలిసి మాట్లాడతాను.

ఇట్లు,
మీ డైటీషియన్

జతచేసినవి: బరువుల షీటు, కొలతల కార్డు, పేర్ల షీటు (సీలు కవరు)

"వంట బాగుంది" అన్న మాట మర్యాద కోసం పెట్టింది కాదు. నిజమైతే తప్పకుండా రాయండి. లేఖ వంటమనిషి మీద ఫిర్యాదులా కనబడిందంటే పాలపొడి ఏనాడూ జావలో పడదు.

## 5. శిక్షణలో వదలకూడనివి

లేఖ మంజూరయ్యాక అసలు ప్రమాదం తినిపించేటప్పుడే. ఆయా నిలబడి తినిపిస్తే పెద్దవాళ్లు తల పైకెత్తాల్సి వస్తుంది, మెతుకు శ్వాసనాళంలోకి జారే వీలు పెరుగుతుంది. అందుకే కుర్చీ వేసుకుని, కళ్లు కళ్లకు ఎదురుగా ఉండేలా కూర్చోవాలి. చిన్న చెంచా వాడాలి. మింగారని చూశాకే రెండోది. నిద్రమత్తులో ఉన్నవాళ్లకు పెట్టకూడదు, మెలకువ వచ్చేదాకా ఆగాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

తింటుంటే దగ్గు, గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడటం, బుగ్గలో అన్నం నిల్వ ఉండిపోవడం కనబడితే ఆపి డాక్టరుకు చెప్పాలి. అలాంటివాళ్లకు చారన్నం ముఖ్యంగా ప్రమాదం. మెతుకులు, పలచని చారు నోట్లో విడిపోయి రెండు దారులు పడతాయి. కాస్త నీళ్లు తాగితే సర్దుకుంటుందిలే అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. నీళ్లు చారు కన్నా పలచన.

చూడటానికి వచ్చిన కొడుకులు, కోడళ్లు సాయం చేస్తామంటే ఐదుగురి బల్ల దగ్గర కూర్చోబెట్టండి. చెంచాతో తినిపించే ముగ్గురినీ శిక్షణ ఉన్నవాళ్లకే వదలండి.

## 6. మొదటి రెండు వారాల్లో ఎదురయ్యేవి, సరిచేసే దారి

జావ మిగిలిపోతోంది. ఒకచోట పాలపొడి జావ రోజూ సగం వెనక్కి వచ్చింది. వెళ్లి చూస్తే వంటమనిషి ప్రేమకొద్దీ పెద్ద స్టీలు గ్లాసు నిండా పోస్తోంది. 150 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి కొని దాని మీద పెయింటుతో గీత గీశాను. మర్నాటి నుంచి గ్లాసులు ఖాళీగా వచ్చాయి.

పాలపొడి ఉండలు కడుతోంది. మరుగుతున్న జావలో నేరుగా వేస్తున్నారన్నమాట. ముందు కొద్దిగా గోరువెచ్చని నీళ్లలో పేస్టులా కలిపి, జావ దించాక పోయాలి.

పల్లీపొడి బరకగా ఉంది. మింగడం కష్టమైనవాళ్లకు అది గొంతులో అడ్డం పడుతుంది. మెత్తగా పట్టించి జల్లించండి. అప్పటికీ కుదరకపోతే వాళ్లకు పల్లీపొడి మానేసి ఇంకో చెంచా నెయ్యి వేయండి. ప్రొటీన్ కాస్త తగ్గుతుంది కాబట్టి డాక్టరు, అలవాటు ఒప్పుకుంటే మెత్తగా ఉడికించిన గుడ్డు కలపండి.

మలబద్ధకం, ఆకలి మందగించడం. చాలాసార్లు కారణం నీళ్లు తక్కువ తాగడమే. నాలుగింటి జావకు ముందు, తర్వాత కూడా నీళ్లు ఇస్తున్నారో లేదో చూడండి.

అంతా చేసినా బరువు తగ్గుతోంది. నాలుగు వారాలు కంచం ఖాళీ అవుతూ కూడా బరువు పడిపోతుంటే ఇంకా నెయ్యి పోయకండి. థైరాయిడ్, అదుపు తప్పిన షుగరు, ఇన్ఫెక్షన్, కొన్ని మందులు, మనసు కుంగిపోవడం, ఇంకా పెద్ద జబ్బు ఏదైనా కావచ్చు. అది డాక్టరు చూడాల్సిన విషయం.

## 7. మేనేజర్ సగమే ఒప్పుకుంటే

చాలామంది మేనేజర్లు సరుకులకు వెంటనే సరే అంటారు, మనుషుల వేళలు మార్చమంటే వెనకాడతారు. అక్కడ ఒప్పుకుని వచ్చేయకండి. నెయ్యి వేసిన ముద్దపప్పు కంచంలోనే ఎండిపోతే ₹27 చెత్తబుట్టలో పోసినట్టే. ఒక్కటే ఇస్తామంటే నేనైతే భోజన వేళ సాయమే అడుగుతాను. మామూలు పప్పన్నమైనా కడుపులోకి వెళుతుంది.

అదీ కష్టమంటే మధ్యాహ్నం ఒక్క పూట, చెంచాతో తినిపించే ముగ్గురితోనే రెండు వారాలు మొదలుపెట్టమనండి. దుప్పట్ల పని 11 గంటలకు జరపడం, ఆ ముగ్గురి కంచాలు 1:15కి తీయడం, ఈ రెండు మార్పులకే ఒప్పుకోమనండి. రెండు వారాల కంచాల గమనిక, బరువులు వేసి మళ్లీ అదే లేఖను, ఏం చూశామో చెప్పే భాగం మార్చి ఇవ్వండి.